మలుపు వినేవాళ్ల నోట్లోనే ఉండాలి

మా డాబా మీద జరిగే కథల రాత్రికి జనం రాసుకొచ్చే కథల్లో ఎక్కువ భాగం కంటి కోసం రాసినవే. కాగితం మీద అవి బాగానే ఉంటాయి. మైకు ముందు చదివినప్పుడే ఆఖరి వాక్యం దగ్గర తేడా కొడుతుంది. చదివేవాడు మలుపు చెప్పేసి, తలెత్తి జనం వైపు చూస్తాడు. ముందు వరసలో ఇద్దరు నవ్వుతారు. వెనక వరసలో ఒకాయన పక్కాయన వైపు వంగి "ఏమైందండీ?" అంటాడు. పక్కాయన విడమరిచి చెప్పడం మొదలుపెడతాడు. ఇక ఆ కథ చచ్చినట్టే.

తప్పు వెనక వరస ఆయనది కాదు. పుస్తకంలో చదువుతుంటే ఆఖరి వాక్యం తగలగానే మనం వెనక్కి వెళ్తాం. "అరె, రెండో పేజీలోనే ఉత్తరం సంగతి చెప్పాడే" అని వెతికి పట్టుకుని మరీ ఆనందిస్తాం. చెవికి ఆ సౌకర్యం లేదు. ఒకసారి దాటిపోయిన మాట దాటిపోయినట్టే. పది నిమిషాల కిందట ఒకే ఒక్కసారి, అదీ వాక్యం మధ్యలో విన్న చిన్న ఆధారాన్ని చివర్లో గుర్తు తెచ్చుకోమంటే ఎవరికి సాధ్యం?

అందుకని నా వాదన ఇది. చెవి కోసం రాసే కథలో మలుపుని పల్లవిలోనే పెట్టాలి. మూడుసార్లో నాలుగుసార్లో తిరిగొచ్చే ఆ మాటలోనే, అందరి ఎదురుగా, మొదటి నుంచీ. కుదిరితే ఆ పల్లవిని వినేవాళ్ల చేతే అనిపించాలి. అప్పుడు చివర్లో వాళ్లు గుర్తు తెచ్చుకోవాల్సింది ఏమీ ఉండదు. ఇందాకటి నుంచి తామే అంటున్న మాటని ఇంకోవైపు నుంచి వింటారంతే.

ఇది నేను కనిపెట్టిన సంగతేం కాదు. మనకి మాటలు సరిగ్గా రాని వయసులోనే ఏడు చేపల కథ ఇది నేర్పేసింది. రాజుగారి ఏడుగురు కొడుకులు, ఏడు చేపలు, ఎండని ఒక్క చేప. చేపా చేపా ఎందుకెండలేదంటే గడ్డిమోపు అడ్డొచ్చింది. గడ్డిమోపా ఎందుకడ్డొచ్చావంటే ఆవు మేయలేదు. ఆవుని అడిగితే గొల్లవాడు మేపలేదు. గొల్లవాడిని అడిగితే అమ్మ బువ్వ పెట్టలేదు. అమ్మనడిగితే పాప ఏడ్చింది. పాపనడిగితే చీమ కుట్టింది. చీమా చీమా ఎందుకు కుట్టావంటే, "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" ఇంటికో రకంగా చెప్తారు గానీ ఎముకల గూడు మాత్రం ఇదే.

ఈ కథని చిన్నపిల్లల కథ అని పక్కన పెట్టకుండా ఒకసారి నెమ్మదిగా చూడండి. అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఎందుకు? జవాబు కూడా ప్రతిసారీ ఒకే తీరు. నేను కాదు, ఫలానా వాళ్లు. మేయలేదు, మేపలేదు, పెట్టలేదు అంటూ తప్పు ఒకరి మీంచి ఇంకొకరి మీదికి జరిగిపోతూ ఉంటుంది. వినే పిల్లకి ఆ వరస ఒంటికి పట్టేస్తుంది. చీమ దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్ల చెవి ఇంకో పేరు కోసం సిద్ధంగా ఉంటుంది. చీమ ఏ పేరూ చెప్పదు. కుట్టాను, కుట్టనా మరి అంటుంది. అంతమందిలో "అవును, నేనే" అన్నది ఆ చీమ ఒక్కతే, అదీ ఎదురు ప్రశ్న వేసి. మలుపు కోసం దాచిపెట్టిన రహస్యం ఒక్కటి కూడా ఈ కథలో లేదు. వరసే మలుపుని మోసుకొచ్చింది.

ఇంకో సంగతి ఉంది. ఈ కథ ముగింపు తెలియని తెలుగు పిల్ల ఉండదు. అయినా వందోసారి చెప్పినా చీమ దగ్గరికి రాగానే ఆ పిల్ల ఊపిరి బిగబట్టి, మనకంటే ముందే "కుట్టనా!" అని అరుస్తుంది. ముగింపు ముందే తెలిసిపోతే మలుపు పాడైపోతుందనే వాళ్లకి నా దగ్గరున్న జవాబు ఇదే. తెలిసిపోతే పాడయ్యే మలుపు కంటి కథది. చెవి కథలో మలుపు అంటే సమాచారం కాదు. నడిచొచ్చిన లయ ఒక్కసారిగా తిరగబడటం. పాట చరణం నుంచి పల్లవికి తిరిగొస్తుందని తెలిసీ మనం దాని కోసం ఎదురుచూడమా?

బేతాళ కథల్లో దీనికి రెండో రకం ఉంది. రాజు శవాన్ని భుజాన వేసుకుంటాడు, బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేస్తాడు, రాజు జవాబిస్తాడు, మౌనం పోయింది కాబట్టి శవం మళ్లీ చెట్టెక్కుతుంది. ఇదే పల్లవి. ఆఖరి కథకి రాజు దగ్గర జవాబు లేదు. ఊరుకుంటాడు. మొదటిసారి పల్లవి తెగుతుంది. అక్కడి నుంచి బేతాళుడు మనసు మార్చుకుని, ఆ భిక్షువు నిన్నే బలి ఇవ్వబోతున్నాడు, జాగ్రత్త అని రాజుని హెచ్చరిస్తాడు. పల్లవి తెగడమే అక్కడ మలుపు. నిజానికి గొప్ప ఎత్తు. పది నిమిషాల కథకి మాత్రం నేను సాహసించను. పల్లవి తెగితే వినేవాళ్లకి అది మలుపులా కాక, చెప్పేవాడు మరిచిపోయినట్టు అనిపించే ప్రమాదం ఉంది. అంత పెద్ద వలయం తిప్పాక గానీ మౌనానికి ఆ బరువు రాదు.

కాబట్టి పల్లవిలో అక్షరం మారకూడదు, దాని అర్థం మాత్రం తిరగబడాలి. ఈ లెక్కతో నేను డాబా మీద చెప్పడానికి రాసుకున్న కథ ఒకటి ఇక్కడ పెడతాను. చదివేటప్పుడు పైకి చదవండి. "నేనే" అన్న చోటల్లా చెప్పేవాడు ఆగి చెయ్యి ఎత్తుతాడు, ఆ మాట జనం అంటారు.

"సూరమ్మ ఇల్లు ఊరి చివర. ఆ ఇంటికి ఒకటే తలుపు. ఆ తలుపుకి ఒకటే తాళం. ఆ తాళానికి ఒకటే తాళంచెవి. ఆ తాళంచెవి ఎప్పుడూ సూరమ్మ కొంగుకే.

ఆ రాత్రి ఊళ్లో కరెంటు పోయింది. బయట చీకటి. లోపల చీకటి. లోపల ఏదో కదిలింది. ఆగింది.

టక్ టక్ టక్.

ఎవరూ?

నేనే.

తలుపు తీసే ఉంది, లోపలికి రా.

పక్కింటి కోడలు. 'అత్తా, పాలు తోడెయ్యాలి, కాస్త పెరుగుంటే పెట్టవూ?' ఉట్టి మీదుంటుంది, చూసి తీసుకో. చీకట్లో తడుముకుంటూ వెళ్లింది. ఉట్టి దొరికింది. పెరుగు దొరికింది. 'గొంతేంటత్తా అలా ఉంది?' జలుబు. 'కషాయం పెట్టుకో అత్తా.' ఊ. వెళ్లిపోయింది.

లోపల ఏదో కదిలింది. ఆగింది.

టక్ టక్ టక్.

ఎవరూ?

నేనే.

తలుపు తీసే ఉంది, లోపలికి రా.

ఎదురింటి కుర్రాడు. 'పెద్దమ్మా, మా అమ్మ అగ్గిపెట్టె అడిగింది.' పొయ్యిగట్టు మీదుంటుంది, చూసి తీసుకో. ఇక్కడ మాత్రం గియ్యకు, కళ్లు మండుతున్నాయి. వాడు నాలుగడుగులు వేశాడు. దేనికో తట్టుకుని దబ్బున పడ్డాడు. 'దారి మధ్యలో ఈ మూటేంటి పెద్దమ్మా?' బట్టల మూట. పొద్దున్నే పంపాలి. 'ఇంత బరువా?' తడి బట్టలు. వాడు అగ్గిపెట్టె తీసుకున్నాడు. మోకాలు రుద్దుకున్నాడు. వెళ్లిపోయాడు.

లోపల ఏదో కదిలింది. ఆగింది.

టక్ టక్ టక్.

ఎవరూ?

నేనే.

తలుపు తీసే ఉంది, లోపలికి రా.

బయట చప్పుడు లేదు. వచ్చింది రిటైరైన మాస్టారు. గుమ్మంలోనే నిలబడిపోయారు. నలభై ఏళ్లుగా 'రండి మాస్టారూ' అనే సూరమ్మ. 'రా' అందా? నన్నా? పోన్లే, వయసు మీద పడింది పాపం. 'అమ్మా, మా ఆవిడకి అజీర్ణం. శొంఠికొమ్ము ఉంటే ఇస్తావా?' డబ్బాల్లో ఉంటుంది, చూసి తీసుకో. ఆయన ఒక్కో డబ్బా మూత తీశారు. ఒక్కో డబ్బా వాసన చూశారు. ధనియాలు. మిరియాలు. శొంఠి. 'వస్తానమ్మా.' ఊ. వెళ్లిపోయారు.

లోపల ఏదో కదిలింది. లేచింది. తలుపు దాకా వచ్చింది. తొలికోడి కూసింది.

టక్ టక్ టక్.

ఎవరూ?

నేనే.

తలుపు తీసే ఉంది, లోపలికి రా.

బయట నుంచి గొంతు. చేతిలో తీర్థం నుంచి తెచ్చిన సంచి. కొంగు చివర ముడి. ముడిలో చల్లగా తాళంచెవి.

'తీసే ఉందా? తాళంచెవి నా దగ్గరుంటే, తలుపెవరు తీశారూ?'"

అంతే కథ. కావాలంటే ఇప్పుడు వెనక్కి వెళ్లి చూడండి, కంటితో చదువుతున్నారు కాబట్టి మీకా వెసులుబాటు ఉంది. సూరమ్మ ఇంట్లో ఉందని నేనెక్కడా అనలేదు. "సూరమ్మ అంది" అన్న మాటే లేదు. అత్తా అన్నది కోడలు. పెద్దమ్మా అన్నది కుర్రాడు. అమ్మా అన్నది మాస్టారు. చెప్పేవాడు అబద్ధం ఆడకూడదన్నది ఈ ఆటలో మొదటి నియమం. పాత్రలు పొరపాటు పడొచ్చు, కథకుడు పొరపాటు పెట్టకూడదు. కాగితం మీద అయితే లోపలి మనిషి పేరు ఎందుకు రాయలేదా అని చురుకైన పాఠకుడు మొదటి పేజీలోనే అనుమానపడతాడు. చెవికి ఆ అనుమానం రాదు. కథ చెప్పేవాడు గొంతు మార్చి "ఎవరూ?" అన్నాడంటే అది సూరమ్మ గొంతేనని వినేవాళ్లే నిర్ణయించేసుకుంటారు.

ఇప్పుడు ఆ పల్లవి సంగతి. "తలుపు తీసే ఉంది" అన్న మాటకి రెండు కారణాలు ఉండాలి, రెండూ గట్టిగా ఉండాలి. పైకి వినిపించే కారణం పల్లెటూరి మర్యాద. ఇరుగుపొరుగు ఎప్పుడైనా రావచ్చు, తలుపు మూయని ఇల్లు. లోపలి కారణం నిర్బంధం. దొంగ తాళం తీసి లోపలికి వచ్చేసింది, తలుపు వట్టినే దగ్గరగా వేసి ఉంది. ఎవరో తట్టారు. పలక్కపోతే సూరమ్మకి ఏమైందోనని తోసుకుని వస్తారు. తలుపు దగ్గరికి వెళ్తే మొహం కనబడుతుంది. ఉన్నచోటు నుంచి కదలకుండా "తీసే ఉంది, రా" అనడం తప్ప దొంగకి గతి లేదు. ఈ రెండో కారణం లేకపోతే, చివర్లో పల్లవి తిరగబడదు, విరిగిపోతుంది. నేను విన్న కథల్లో ఎక్కువ వాటికి వచ్చే జబ్బు ఇదే. పల్లవి అందంగా ఉంటుంది, పాడుకోవడానికి కూడా బాగుంటుంది. కథ లోపల ఆ మాట అనాల్సిన అవసరం మాత్రం ఎవరికీ ఉండదు. మలుపు ఇంకెక్కడి నుంచో ఊడిపడుతుంది. ఆ మలుపు వచ్చేసరికి పల్లవి చేతిలో పట్టుకున్న ఖాళీ గ్లాసులా మిగిలిపోతుంది.

జనానికి ఇచ్చింది ఒక్క మాట, రెండు అక్షరాలు. ఇంకా ఎక్కువ ఇవ్వొచ్చు కదా అంటారు కొందరు. ఇవ్వకూడదు. బుర్రకథలో వంతల్ని చూడండి. కథకుడు తంబురా మీటుతూ మాట ఆపగానే, గుమ్మెటలు పట్టుకున్న ఇద్దరూ "తందాన తాన" అందుకుంటారు. వాళ్లు అభ్యాసం ఉన్న కళాకారులు, కథ మొత్తం వాళ్లకి తెలుసు. అయినా తిరిగొచ్చే ఆ ముక్క అంత చిన్నది. ఆ జానెడు సమయంలో కథకుడు ఊపిరి తీసుకుంటాడు, తర్వాతి ఘట్టం తలుచుకుంటాడు. జనం అప్పటిదాకా విన్నది మింగుతారు. డాబా మీదికి వచ్చిన జనానికి అభ్యాసం ఎక్కడిది? వాక్యం ఇస్తే ఒకరు ముందు, ఒకరు వెనక, గోల. "నేనే" అయితే మొదటిసారి చెయ్యి చూసి నలుగురు అంటారు, రెండోసారి అందరూ అంటారు. మనింట్లో తలుపు తట్టి రోజూ అనే మాటే కాబట్టి నేర్పాల్సిన పని కూడా లేదు.

ఆ మాటనే ఎంచుకోవడానికి ఇంకో కారణముంది. నాలుగోసారి "నేనే" అంటున్నప్పుడు జనం తెలియకుండానే సూరమ్మ స్థానంలో నిలబడతారు. మొదటి మూడుసార్లు ఇరుగుపొరుగు తరఫున అన్నారు. నాలుగోసారి ఇంటి సొంతదారు తరఫున అన్నారు. లోపల ఎవరో ఉండి "రా" అని పిలుస్తుంటే, గుమ్మం బయట నిలబడింది వాళ్లే. నేను వాళ్లకి కొత్తగా చెప్పింది ఏముంది? తాళంచెవి సంగతి మొదటి అయిదు వాక్యాల్లోనే పాటలా చెప్పాను.

ఆధారాలు ఎలా దాచాలన్నది వేరే విద్య. కంటి కథలో ఆధారాన్ని వర్ణన మధ్యలో దాస్తారు. చెవి కథలో నవ్వు కింద దాచాలి. మాస్టారు "రా అందా? నన్నా?" అని గుమ్మంలో నిలబడిపోయే చోట జనం నవ్వుతారు. ఆ నవ్వులో, పిలిచిన మనిషి ఆయన ఎవరో ఎరగని మనిషి అన్న సంగతి కొట్టుకుపోతుంది. కొట్టుకుపోతుంది గానీ పోదు, అడుగున ఉంటుంది. కుర్రాడు మూట మీద పడటం కూడా అంతే. దబ్బున పడ్డాడు అన్నప్పుడు పిల్లలు పగలబడి నవ్వుతారు. ఆ మూటలో ఏముందో ఎవరూ అడగరు.

అన్నిటికంటే చిన్నది, నాకు బాగా ఇష్టమైనది, ఉట్టి. సొంత ఇంట్లో ఉన్న మనిషి "ఉట్టి మీద ఉంది" అంటుంది. లోపలి గొంతు మూడుసార్లూ "ఉంటుంది, చూసి తీసుకో" అంటుంది. ఉట్టి మీద పెరుగు, పొయ్యిగట్టు మీద అగ్గిపెట్టె, డబ్బాల్లో శొంఠి ఏ ఇంట్లోనైనా ఉండేవే. ఊహించి చెప్పొచ్చు. దీన్ని ఎవరూ మొదటి వినికిడిలో పట్టుకోరు, పట్టుకోవాల్సిన అవసరమూ లేదు. రెండోసారి వినేవాళ్లకి అది బహుమానం. కథ తెలిసినవాళ్లకి కూడా ఏదో ఒకటి మిగలాలి కదా.

వాక్యాల పొడుగు గురించి ఒక్క మాట. రాతలో మనం "నిన్న సాయంత్రం పక్క ఊరి నుంచి వచ్చి అరుగు మీద కూర్చున్న ముసలావిడ ఇచ్చిన సంచి" అని హాయిగా రాసేస్తాం. కంటికి పర్వాలేదు. చెవి మాత్రం "సంచి" వచ్చేదాకా నిన్న సాయంత్రాన్ని, పక్క ఊరిని, అరుగుని, ముసలావిడని చంకలో పెట్టుకుని నిలబడాలి. పైకి చెప్పే కథలో ఎక్కడికక్కడ క్రియ పడిపోవాలి. వెళ్లింది. దొరికింది. తీసుకుంది. పోయింది. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. మన వాక్యంలో క్రియ ఆఖరిది. వాక్యం ఎటు తిరిగిందో చివరి మాట దాకా తెలియదు. "తలుపెవరు తీశారూ" అన్న ముగింపులో "తీశారు" పడేదాకా అది ఏ ప్రశ్నో వినేవాళ్లకి తెలియదు. తిప్పి "తీసిందెవరు తలుపు" అని చెప్పి చూడండి, తలుపు అన్న చప్ప మాట దగ్గర గొంతు జారిపోతుంది. ముగింపు వాక్యంలో ఏ మాట చివర పడుతుందో చూసుకోవడం మిగతా కథంతా రాసినంత పని.

ఎన్నిసార్లు తిరగాలి? ఏడు చేపల కథకి ఏడు మెట్లున్నాయి కదా అంటే, అక్కడ ఒక్కో మెట్టు ఒక్క వాక్యం. నా కథలో ఒక్కో రాక దాదాపు నిమిషంన్నర. మూడుసార్లు అలవాటు చేసి నాలుగోసారి తిప్పితే సరిపోతుంది. అయిదో పొరుగింటి మనిషిని తెస్తే ఏమవుతుందో చెప్పేవాడికి జనం గొంతే చెప్తుంది. "నేనే" అన్నది రెండోసారి మొదటిసారికంటే పెద్దగా రావాలి, మూడోసారి ఇంకా పెద్దగా. ఎక్కడైతే తగ్గిందో అక్కడ పల్లవి ఒకటి ఎక్కువైందని అర్థం. రికార్డు చేసుకుని వింటే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. మన మాట కంటే జనం చప్పుడు వినాలి.

ఆఖరి వాక్యం తర్వాత వచ్చే చప్పుడు కూడా వినాలి. వెంటనే చప్పట్లు పడితే నాకు అనుమానమే, అది మర్యాద కావచ్చు. మలుపు నిజంగా దిగితే మొదట రెండు మూడు సెకన్లు ఏమీ ఉండదు. తర్వాత ఎక్కడో ఒకరు "ఓర్నీ, మూట!" అంటారు. అక్కడి నుంచి నవ్వు పాకుతుంది. ఆ "మూట" అన్నవాళ్లు వెనక్కి వెళ్లారన్నమాట, పుస్తకం లేకుండానే. అలా కాకుండా మూడో రాకలోనే ఎవరైనా "దొంగ, దొంగ" అని గుసగుసలాడితే, చెప్పేవాడు లోపలి గొంతుని మరీ దొంగ గొంతులా పలికాడని అర్థం. ఆ గొంతుకి భయం ఉండకూడదు. విసుగు ఉండాలి. అర్ధరాత్రి తలుపు తట్టించుకున్న ముసలమ్మకి ఎంత విసుగుంటుందో అంతే. చేతిలో కాగితం ఉన్నవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. ముగింపు దగ్గర పడుతోందని వాళ్ల మొహం ముందే నవ్వడం మొదలుపెడుతుంది, జనం ఆ నవ్వుని చూసేస్తారు.

"కథ కంచికి, మనం ఇంటికి" అనాలా వద్దా అన్నదాని మీద మా డాబా మీద ఇప్పటికీ తగాదా ఉంది. పెద్దవాళ్లు అనాల్సిందేనంటారు, కథకి తలుపు వెయ్యకుండా వదలకూడదని. మామూలు కథకి నేనూ ఒప్పుకుంటాను. ఇలా ప్రశ్నతో ఆగే కథకి వద్దంటాను. ప్రశ్న పడ్డాక ఆ రెండు మూడు సెకన్లు జనానివి. చెప్పేవాడు వాటిని లాక్కోకూడదు.

ఈ కథకి ఒక హద్దు కూడా ఉంది. "రా" అన్నదాని మీద కట్టిన ఆధారం మా కోస్తా వైపు బాగా పనిచేస్తుంది. కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒకావిడ ఈ కథని అడిగి తీసుకుని తన మాటలో చెప్పారు: "ఎవలు?" "నేనే." "తలుపు తీసే ఉన్నది, లోపటికి రా." పల్లవి నా దానికంటే బాగా పలికింది, సందేహం లేదు. మాస్టారి దగ్గర మాత్రం ఆవిడ ఆగిపోయారట. వాళ్లింట్లో పెద్దమనిషినైనా దగ్గరితనం ఉంటే రా అనే పిలుస్తారు, అందులో నవ్వాల్సింది ఏముందని. అందుకని ఆవిడ మాస్టారి చేత "మనుమరాలు మంచిగున్నదా?" అని అడిగించారు. లోపలి గొంతు "మంచిగున్నది" అంటుంది. మాస్టారు బయటికి నడుస్తూ ఆగి, "సూరమ్మకు మనుమరాలు యాడిది? మనుమరాలున్నది ఎల్లమ్మకు గదా" అని తనని తానే తిట్టుకుంటాడు.

నవ్వు బాగా వచ్చింది. అయితే ఆ రాత్రి మూడో "నేనే" తర్వాత రెండు గొంతులు "దొంగ" అన్నాయి. ఆధారం బరువైందని నేనంటాను. మనుమరాలు లేని మనిషి మనుమరాలు బాగుందంటే ఎవరికైనా దొరికిపోతుంది, "రా" లాగా తప్పించుకునే దారి దానికి లేదు. ఆవిడ ఒప్పుకోరు. దొరికినవాళ్లు కూడా నాలుగోసారి "నేనే" అని అందరికంటే గట్టిగా అన్నారు, చూడలేదా, అంటారు. అది మాత్రం నిజమే, అన్నారు.